ఎల్-1బి మీద అమెరికా ఆన్‌సైట్ అవకాశం వచ్చినప్పుడు ‘రాలేను’ అని చెప్పే పద్ధతి

హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ సేవల సంస్థల్లో ప్రాజెక్టులు నడిపినన్నాళ్లు, ఆన్‌సైట్‌కు ఎవరిని పంపాలో నిర్ణయించే కుర్చీలో నేనూ కూర్చున్నాను. వెళ్లలేమని చెప్పినవారి మీద నాకు ఎన్నడూ కోపం రాలేదు గాని, ఆ మాటను రెండు నెలలు దాచిపెట్టి, క్లయింటుకు పేరు పంపిన తరువాత చెప్పినవారి వల్ల మాత్రం చాలా ఇబ్బంది పడ్డాను. అందువల్ల ఈ మార్గదర్శిలో ఎలా చెప్పాలన్నదానితో సమానంగా ఎప్పుడు చెప్పాలన్నదానికి చోటు ఇస్తున్నాను. ఇక్కడ తీసుకున్నది, ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న ఉద్యోగిని సంస్థ తన అమెరికా శాఖకు బదిలీ చేసుకోవడానికి వాడే ఎల్-1బి వీసా మీద ప్రయాణం. కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల చెల్లింపు విధిస్తూ 2025 సెప్టెంబరు 19న అధ్యక్ష ప్రకటన వెలువడిన తరువాత, ఇక్కడి నుంచి మనుషులను పంపదలచిన సంస్థలకు ఎల్-1 దారి మరింత ఆకర్షణీయమైంది. ఆ చెల్లింపు ఎల్-1కు వర్తించదు, హెచ్-1బికి ఉన్నట్టు లాటరీ కూడా ఉండదు.

ఉదాహరణకు నాకు బాగా తెలిసిన ఒక టీమ్ లీడ్ సంగతి తీసుకుందాం. సంస్థలో తొమ్మిదేళ్ల సర్వీసు. భార్య ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలు. కూతురు తొమ్మిదో తరగతి. తండ్రికి వారానికి మూడు సార్లు, ఒక్కో విడత దాదాపు నాలుగు గంటల చొప్పున డయాలసిస్ జరుగుతుంది, ఆసుపత్రికి తీసుకువెళ్లేది ఈయనే. డల్లాస్ దగ్గర ఒక బీమా సంస్థ ప్రాజెక్టుకు రెండేళ్ల పాటు వెళ్లమని మేనేజరు ఒక సాయంత్రం అడిగారు.

మొదటి మెట్టు: వ్యవహారం ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడం

ఆన్‌సైట్ ప్రయాణం నాలుగు దశల్లో నడుస్తుంది. మొదట మేనేజరు నోటిమాటగా అడుగుతారు. తరువాత ట్రావెల్ విభాగం మీ పాస్‌పోర్టు, డిగ్రీ పట్టాలు, జీతపు పత్రాలు తీసుకుని న్యాయవాదికి పంపుతుంది. మూడో దశలో మిమ్మల్ని పంపేందుకు సంస్థ వేసే పిటిషను సిద్ధమై, మీరు డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం సమర్పించి, ఇంటర్వ్యూ తేదీ తీసుకుంటారు. నాలుగో దశలో పాస్‌పోర్టులో వీసా పడుతుంది, టికెట్టు ఒక్కటే మిగులుతుంది. మొదటి దశలో ‘వద్దు’ అనడానికి ఒక సంభాషణ చాలు. రెండో దశలో ఒక మెయిలు కావాలి. మూడో దశలో సంస్థ ఖర్చు చేసిన డబ్బు లెక్కలోకి వస్తుంది. అమెరికాలోని సిబ్బందిలో సగానికి మించి హెచ్-1బి, ఎల్-1 వీసాలవారే ఉన్న పెద్ద సంస్థ అయితే, ఒక్కో ఎల్-1 దరఖాస్తుకు 4,500 డాలర్ల అదనపు రుసుము కట్టవలసి ఉంటుంది, మోసాల నివారణ పేరిట 500 డాలర్లు మాత్రం ఏ సంస్థకైనా తప్పవు. అవి తిరిగి వస్తాయని ఆశించకూడదు.

ఈ నాలుగు దశలకు అడ్డంగా ఇంకొక ప్రశ్న ఉంది, చాలామంది ఉద్యోగులకు అది తట్టదు. క్లయింటుకు మీ పేరు వెళ్లిందా లేదా? పేరు వెళ్లి, బిల్లింగ్ మొదలయ్యే తేదీ ఖరారైతే, మీరు ఇంకా కాగితం మీద సంతకం చేయకపోయినా, మేనేజరు తన మాట పోతుందన్న ఆందోళనలో ఉంటారు. కాబట్టి అడిగిన రోజే నెమ్మదిగా, ‘క్లయింటుకు ఎవరి పేరైనా చెప్పారా, ఎప్పటిలోగా చెప్పాలి?’ అని అడిగి తెలుసుకోండి. మన టీమ్ లీడ్‌కు దొరికిన జవాబు: ‘ఇంకా చెప్పలేదు, పది రోజుల్లో చెప్పాలి.’ ఆయనకున్న అసలు గడువు ఆ పది రోజులే.

రెండో మెట్టు: వీసా అనిశ్చితిని విడివిడిగా చూడటం

‘వీసాల పరిస్థితి బాగాలేదు’ అన్న కారణం చెప్తే మేనేజరు దగ్గర ఒక నిమిషం కూడా నిలబడదు. ‘అది మా లాయర్లు చూసుకుంటారు’ అని ఆయన అంటారు, సంభాషణ మళ్లీ మొదటికి వస్తుంది. ఏ అనిశ్చితి ఎవరి మీద పడుతుందో ముందు మీకు స్పష్టంగా ఉండాలి.

ఒకటి, ఇంటర్వ్యూ. సంస్థకు ఉద్యోగులందరి కోసం కలిపి ముందే ఆమోదం పొందిన బ్లాంకెట్ పిటిషను ఉంటే, మీ దరఖాస్తు అమెరికా ఇమిగ్రేషన్ విభాగానికి విడిగా వెళ్లకుండా నేరుగా కాన్సులేట్‌కే వెళ్తుంది. ఎల్-1బికి కావలసిన ‘ప్రత్యేక పరిజ్ఞానం’ మీకు ఉందా లేదా అన్నది కౌంటర్‌లోని అధికారి కొద్ది నిమిషాల్లో నిర్ణయిస్తారు. పదిమందికీ తెలిసిన జావా, క్లౌడ్ నైపుణ్యాల గురించి చెప్తే అది ప్రత్యేకం కాదని వెనక్కి పంపవచ్చు. అమెరికా వలస చట్టంలోని 221(జి) సెక్షన్ కింద కాగితం ఇచ్చి అదనపు పరిశీలనకు ఆపితే, తెర మీద మీ స్థితి Refused అనే కనిపిస్తుంది, అది ఎప్పుడు తేలుతుందో ఎవరూ చెప్పలేరు. ఇక 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులు బాగా తగ్గిపోయాయి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు వయసును బట్టి ఉన్న మినహాయింపు కూడా పోయింది కాబట్టి, కుటుంబం మొత్తం కాన్సులేట్‌కు వెళ్లవలసి ఉంటుంది.

రెండు, పని చేసే చోటు. 2004లో వచ్చిన ఎల్-1 వీసా సంస్కరణ చట్టం ప్రకారం, ఎల్-1బి ఉద్యోగి ప్రధానంగా మరో సంస్థ ఆవరణలో, ఆ సంస్థ అజమాయిషీ కింద కేవలం కూలికి ఇచ్చిన మనిషిలా పనిచేయకూడదు. ‘నేను క్లయింటు ఆఫీసులో కూర్చోవాలా, మన కార్యాలయంలోనా? నా పనిని ఎవరు పర్యవేక్షిస్తారు?’ అని అడగడం మీ హక్కు. దీనికి సూటిగా జవాబు రాకపోతే, ఇంటర్వ్యూలోనో పొడిగింపు సమయంలోనో ఇదే ప్రశ్న మీ ఎదుటికి వస్తుందని అర్థం చేసుకోవాలి.

మూడు, ఉద్యోగం పోతే ఏమిటన్నది. ఎల్-1బి మొదట మూడేళ్ల దాకా ఇస్తారు, పొడిగింపుతో కలిపి మొత్తం ఐదేళ్లు మించదు. అది పంపిన సంస్థతోనే ముడిపడి ఉంటుంది. హెచ్-1బి ఉన్నవారు మరో యజమాని దగ్గరకు మారినట్టు మారడం కుదరదు. ప్రాజెక్టు ఆగి సంస్థ తొలగిస్తే, అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే ఐ-94 గడువు అంతకంటే ముందే ముగియని పక్షంలో, గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది. ఆ లోపు మరో దారి దొరకకపోతే ఇల్లు ఖాళీ చేసి, కారు అమ్మి, పిల్లను బడి మాన్పించి తిరిగి రావాలి.

న్యాయంగా చెప్పాలంటే ఎల్-1లో మంచి కూడా ఉంది. భార్యకో భర్తకో, ఎల్-1 ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే ఎల్-2 హోదా మీదే ఉద్యోగం చేసే వీలుంది. వీసా ముద్ర చెల్లుబాటులో ఉన్నంతకాలం ఇండియాకు వచ్చి వెళ్లడానికి మళ్లీ ఇంటర్వ్యూ అక్కరలేదు. ‘వెళ్తే ఇక రాలేను’ అని చెప్పేవారు ఈ విషయం తెలియకుండా చెప్తారు, తెలిసిన మేనేజరు ముందు ఆ మాట తేలిపోతుంది.

మూడో మెట్టు: ఇంటి పరిస్థితిని క్యాలెండరు మీద పెట్టడం

కుటుంబ బాధ్యతలు అన్న మాట ఒక్కటే అంటే, వినేవారికి అది సాకులా తోస్తుంది. వాటిని తేదీలుగా, గంటలుగా రాసుకుంటే మీకే స్పష్టత వస్తుంది. మన టీమ్ లీడ్ ఒక కాగితం మీద రాసుకున్నది ఇది: తండ్రి డయాలసిస్ సోమ, బుధ, శుక్రవారాలు ఉదయం. కూతురు వచ్చే జూన్‌లో పదో తరగతికి వస్తుంది, ఆపై మార్చిలో బోర్డు పరీక్షలు. భార్య ఉద్యోగానికి దీర్ఘకాలపు సెలవు అడగాలి, మంజూరు కావడం ఆమె చేతిలో లేదు. తల్లిదండ్రులకు ఎల్-2 రాదు, అది భార్యాభర్తలకు, 21 ఏళ్ల లోపు పెళ్లికాని పిల్లలకు మాత్రమే. తండ్రిని బి-2 సందర్శక వీసా మీద తీసుకువెళ్లినా సాధారణంగా ఆరు నెలలే ఉండనిస్తారు. సందర్శకుల కోసం అమ్మే బీమా పాలసీల్లో చాలావరకు ముందునుంచీ ఉన్న జబ్బుకు ఖర్చు ఇవ్వవు కాబట్టి, డయాలసిస్ రోగి విషయంలో ఆ ఆలోచనే వదిలేయాలి.

ఇంకొక పంక్తి ఆయన చివర్లో చేర్చారు, నా దృష్టిలో అదే కీలకం. ఇక్కడి జీతపు పట్టీ నుంచి అమెరికా పేరోల్‌కు మారితే, ఇండియాలో సంస్థ ఇస్తున్న గ్రూపు ఆరోగ్య బీమాలో తల్లిదండ్రుల పేర్లు కొనసాగుతాయా? చాలా సంస్థల్లో అది ఇక్కడి పేరోల్‌తో ముడిపడి ఉంటుంది. హెచ్ఆర్‌ను అడిగితే కొనసాగవని తేలింది. దీర్ఘవ్యాధి ఉన్న వృద్ధుడికి బయట కొత్త పాలసీ దొరకడం ఎంత కష్టమో వేరే చెప్పనవసరం లేదు.

ఇప్పుడు వీసా అనిశ్చితులనూ, ఇంటి కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. వెళ్లడానికి భార్య సెలవు పెట్టాలి, కూతురి బడి మారాలి, తండ్రికి ఒక మనిషిని కుదర్చాలి. ఇవన్నీ ఇంటర్వ్యూ కంటే ముందే మొదలుపెట్టవలసిన పనులు. వీసా రాకపోతే, లేదా ఎనిమిది నెలలకే ప్రాజెక్టు ఆగిపోయి తిరిగి రావలసి వస్తే, ఇవన్నీ వృథాగా చెదిరిపోతాయి. పదో తరగతి మధ్యలో బోర్డు మారిన పిల్లను ఏ బడిలో కూర్చోబెట్టాలో తోచదు. కాబట్టి వీసా అనిశ్చితి ఒక కారణం, కుటుంబం రెండో కారణం అని విడివిడిగా చెప్పకూడదు. ‘మా ఇంట్లో ఉన్న ఏర్పాట్లు ఒకసారి కదిపితే మళ్లీ కుదరవు, అలాంటప్పుడు ఫలితం తెలియని ప్రయాణం కోసం వాటిని కదపలేను’ అనే ఒకే వాక్యంగా చెప్పాలి. ఈ మాటకు ‘లాయర్లు చూసుకుంటారు’ అన్న జవాబు సరిపోదు, ‘సెలవు ఇస్తాం’ అన్న జవాబు కూడా సరిపోదు.

నాలుగో మెట్టు: ముందు మాట, తరువాత మెయిలు

మెయిలుతో మొదలుపెట్టకండి. మేనేజరుతో అరగంట విడిగా మాట్లాడి, అదే రోజు మెయిలు పెట్టండి. సంభాషణ దాదాపు ఇలా సాగుతుంది.

‘అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞుణ్ణి. అన్నీ చూసుకున్నాక ఈ ప్రయాణానికి రాలేనని చెప్పడానికి వచ్చానండి.’

‘అందరూ అడిగి మరీ తీసుకుంటుంటే మీరు వద్దంటారేమిటి? ఆరు నెలలు వెళ్లి చూడండి, కుదరకపోతే వచ్చేయండి.’

‘ఆరు నెలలకైనా ఇంట్లో కదపవలసినవి అవేనండి. నాన్నగారికి వారానికి మూడు రోజులు డయాలసిస్, తోడు నేనే. పాప పదో తరగతిలోకి వస్తోంది. వీసా వస్తుందో రాదో, ఎన్నాళ్లు ఉంటుందో తెలియకుండా ఇవన్నీ మార్చలేను. క్లయింటుకు పేరు చెప్పకముందే మీకు తెలియజేయాలని ఇప్పుడే చెప్తున్నాను.’

ఇందులో మూడు విషయాలు గమనించండి. జవాబు మొదటి వాక్యంలోనే వచ్చింది. కారణం చెప్పారు గాని, తండ్రి వైద్య నివేదికలు చూపించలేదు, ఎవరూ అడగలేదు కూడా. ‘ఆలోచిస్తాను’ అన్న మాట ఎక్కడా లేదు. మన దగ్గర మొహమాటం కొద్దీ ‘చూద్దాం సార్’ అంటాం. అడిగినవారు దాన్ని ఒప్పుకోలుగానే రాసుకుంటారు.

‘ఇప్పుడు కాదు’ అనాలా, ‘వద్దు’ అనాలా అన్నది మరో చిక్కు. నిజంగా ఒక తేదీ తరువాత వెళ్లగలిగితేనే ‘ఇప్పుడు కాదు’ అనండి, ఆ తేదీ చెప్పండి. కూతురి పరీక్షల తరువాత ఏప్రిల్ నుంచి వీలవుతుందని మన టీమ్ లీడ్ అనవచ్చు గాని, తండ్రి ఆరోగ్యానికి తేదీ లేదు. అందుకే ఆయన ‘ఈ ప్రయాణానికి రాలేను, పరిస్థితి మారితే నేనే మీకు చెప్తాను’ అన్నారు.

ఆఫీసు మెయిలు ఇంగ్లీషులోనే వెళ్తుంది. అందులో ఉండవలసిన విషయం ఇంతే:

‘ఈ రోజు మనం మాట్లాడుకున్నదానికి కొనసాగింపుగా ఈ లేఖ. డల్లాస్ ప్రాజెక్టుకు ఎల్-1బి మీద వెళ్లమని ఇచ్చిన అవకాశానికి కృతజ్ఞతలు. తండ్రిగారి నిత్య చికిత్స, కుమార్తె చదువు దృష్ట్యా, ఫలితం, కాలవ్యవధి ముందుగా తెలియని ప్రయాణానికి కుటుంబ ఏర్పాట్లు మార్చలేని స్థితిలో ఉన్నందున ఈ అవకాశాన్ని స్వీకరించలేకపోతున్నాను. నా పేరు మీద పిటిషను పనులు మొదలై ఉంటే వాటిని నిలిపివేయమని కోరుతున్నాను. ప్రాజెక్టుకు ఇక్కడి నుంచి చేయగల సహాయం గురించి మరో మెయిలులో వివరంగా రాస్తాను.’

ట్రావెల్ విభాగానికి ఒక ప్రతి పంపండి. ‘పిటిషను పనులు నిలిపివేయమని’ అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. మేనేజరుకు చెప్పినా న్యాయవాది దగ్గర ఫైలు కదులుతూనే ఉన్న సందర్భాలు చూశాను.

ఐదో మెట్టు: చేతిలో ఒక ప్రత్యామ్నాయం పట్టుకుని వెళ్లడం

మేనేజరుకు కావలసినది మీరు కాదు, డల్లాస్‌లో జరగవలసిన పని. ఆ పని ముక్కలుగా చూస్తే కొంత ఇక్కడి నుంచే అవుతుంది. మన టీమ్ లీడ్ ఇచ్చిన ప్రతిపాదనలో రెండే అంశాలున్నాయి. మొదటిది, వెళ్లగలిగే మరో సహోద్యోగికి ఆరు వారాల నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. రెండోది, డల్లాస్ ఉదయం సమావేశాలకు అందేలా తన పని వేళలను మంగళ, గురువారాల్లో రాత్రి పదకొండు దాకా పొడిగించుకోవడం. పని దినాల్లో డయాలసిస్ లేని రోజులు అవే. చేయలేనిది ఒప్పుకోకపోవడం ఇక్కడ ముఖ్యం. ఐదు రోజులూ రాత్రి షిఫ్టు అంటే, ఆన్‌సైట్ వద్దన్న కారణమే చెల్లకుండా పోతుంది.

మేనేజరు వైపు నుంచి ఒక ప్రత్యామ్నాయం రావచ్చు: ‘పోనీ బి-1 మీద మూడు నెలలు వెళ్లి రండి.’ సమావేశాలకు, చర్చలకు, ఒప్పందాల మాటలకు బి-1 సరిపోతుంది. క్లయింటు ప్రాజెక్టులో కూర్చుని కోడ్ రాయడానికి, రోజువారీ డెలివరీ పనికి అది పనికిరాదు. అలా వెళ్లి విమానాశ్రయంలో అధికారి అడిగినదానికి తడబడితే, వెనక్కి వచ్చేది సంస్థ కాదు, మీరే. రెండు వారాల సమావేశాలకైతే ఇంటి ఏర్పాట్లు చూసుకుని ఆలోచించవచ్చు, అంతకుమించి ఆ వీసా మీద మాట ఇవ్వవద్దు.

చేయకూడని పని ఒకటి

‘వద్దని చెప్పడమెందుకు, ఇంటర్వ్యూకు వెళ్లి సరిగా చెప్పకపోతే వీసా అదే రిజెక్టవుతుంది కదా’ అనే సలహా మన ఆఫీసుల క్యాంటీన్లలో తరచుగా వినిపిస్తుంది. ఇది అన్నిటికంటే ఖరీదైన దారి. ఎప్పుడైనా అమెరికా వీసా నిరాకరించారా అన్న ప్రశ్న డీఎస్-160లో ఉంటుంది. ఇకముందు కూతురి పట్టభద్ర వేడుకకు సందర్శకులుగా వెళ్లాలన్నా ‘అవును’ అని రాసి వివరించాలి. ఆ నిరాకరణ కోసం అబద్ధం చెప్పి, అది ముఖ్యమైన విషయంలో తప్పుడు ప్రకటన అని అధికారి తేలిస్తే శాశ్వత నిషేధం దాకా పోవచ్చు. దరఖాస్తు చేయకుండా ముందే వద్దన్నవారికి ఏ రికార్డూ ఉండదు. ఇప్పటికే ఇంటర్వ్యూ తేదీ తీసుకుని ఉంటే, హాజరు కాకముందే ట్రావెల్ విభాగం ద్వారా రద్దు చేయించుకోండి. వీసా ముద్ర పడిన తరువాత మనసు మారినా వెళ్లి తీరాలన్న నిర్బంధం లేదు, అయితే పిటిషను ఉపసంహరించుకున్న సంస్థ పేరు మీది ముద్రతో తరువాతెప్పుడో ప్రయాణించాలని చూడకూడదు.

ఆరో మెట్టు: ఒత్తిడి వచ్చినప్పుడు

నియామక పత్రం తీసి చదవండి. అవసరాన్ని బట్టి దేశంలోగాని విదేశంలోగాని ఎక్కడికైనా బదిలీ చేయవచ్చునన్న వాక్యం చాలావాటిలో ఉంటుంది. దాన్ని చూపించి ‘మీరు ఒప్పుకున్నదే కదా’ అంటారు. అయితే డీఎస్-160 సమర్పించవలసినది మీరే, ఇంటర్వ్యూకు నిలబడవలసినదీ మీరే. మీ ఇష్టం లేకుండా సంస్థ మిమ్మల్ని దేశం దాటించలేదు. చేయగలిగినది ప్రాజెక్టు నుంచి విడుదల చేసి బెంచి మీద కూర్చోబెట్టడం, లేదా అప్రైజల్‌లో ప్రస్తావించడం. ఈ అవకాశం నిజమే కాబట్టి, మెయిలు పెట్టకముందే మీ సంస్థలో బెంచి గడువు ఎన్ని రోజులో, లోపల మరే ప్రాజెక్టుల్లో మీ నైపుణ్యం అడుగుతున్నారో చూసుకోండి. కోపంలో రాజీనామా మాట ఎత్తకండి.

ట్రావెల్ ఒప్పందం పేరుతో ఇచ్చే కాగితాన్ని విడిగా చూడాలి. తిరిగి వచ్చాక ఇన్ని నెలలు పనిచేస్తానని, లేకపోతే ఇంత కడతానని అందులో ఉంటుంది. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లు నిండకుండా రాజీనామా చేస్తే రెండు లక్షల రూపాయలు కట్టాలన్న షరతును సమర్థించింది. అది ప్రభుత్వరంగ బ్యాంకు, రాజీనామా సందర్భం, ఆన్‌సైట్ కాదు. అయినా ఇలాంటి షరతులు కోర్టులో చెల్లనే చెల్లవన్న ధీమా పనికిరాదని ఆ తీర్పు చెప్తోంది. వెళ్లకూడదనుకుంటే ఆ కాగితం మీద సంతకం చేయవద్దు. చేసి ఉంటే, వీసా ఖర్చుల వసూలు ప్రయాణించాకే వర్తిస్తుందా, ముందు విరమించుకున్నా వర్తిస్తుందా అన్నది చదివి, తేలకపోతే హెచ్ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. హెచ్-1బి అయితే పిటిషను ఖర్చును ఉద్యోగి నుంచి రాబట్టడానికి అమెరికా నిబంధనలు ఒప్పుకోవు. ఎల్-1కు ఆ రకమైన రక్షణ లేదు కాబట్టి ఒప్పందంలోని మాటలే ప్రధానం.

మన టీమ్ లీడ్ నాలుగో రోజున చెప్పారు. ఆయన స్థానంలో బెంగళూరు నుంచి ఒకరిని ఎంచుకున్నారు, ఆరు వారాల నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ మూడు నెలలు పట్టింది. ఆ ఏడాది అప్రైజల్‌లో ఆయనకు అంతకు ముందు వచ్చిన రేటింగే వచ్చింది, ప్రమోషను మాత్రం రాలేదు. దానికి ఆన్‌సైట్ వద్దనడం కారణమా అని అడిగితే మేనేజరు కాదన్నారు. ఆయన నమ్మలేదు, నేనూ నమ్మలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అదే మేనేజరు మరో ప్రాజెక్టుకు మనిషి కావలసి వచ్చి, ఈసారి ఎవరి పేరూ అనుకోకముందే ఫోన్ చేసి, ‘ఇంట్లో పరిస్థితి ఎలా ఉందండీ, అడగవచ్చా?’ అన్నారు.